ఆఖరు తేదీ గారికి వనభోజనాల కార్యదర్శి విన్నపం

మహారాజశ్రీ ఆఖరు తేదీ గారికి,

మా సంఘం కార్యదర్శి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ గానీ, ఏటా కార్తీకంలో మీకు పట్టే గతి చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆహ్వానంలో మిమ్మల్ని లావు అక్షరాల్లో వేస్తాను. కింద రెండు గీతలు గీస్తాను. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ గడువు పొడిగించబడదు’ అని కూడా చేరుస్తాను. అది చదివి మా సభ్యులు హాయిగా పడుకుంటారు. గడువు పొడిగిస్తారనడానికి అంతకన్నా గట్టి భరోసా ఏం కావాలి?

వాళ్ళనీ అనలేం లెండి. 2025లో ఆదాయపు పన్ను రిటర్నుల గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇంకొక్క రోజు జరిగి 16 అయింది. అంత పెద్ద సర్కారు మాటకే దిక్కు లేనప్పుడు నా గీతలు ఎవరికి ఆనతాయి?

మిమ్మల్ని సరదాకి పెడుతున్నామని కొందరి అభిప్రాయం. మొన్న 2025లో కార్తీకం అక్టోబరు 22న మొదలై నవంబరు 20తో అయిపోయింది. అందులో ఆదివారాలు నాలుగే. హైదరాబాదులో ఉన్న ప్రతి సంఘానికీ, ప్రతి కాలనీకీ, ప్రతి ఆఫీసుకీ ఆ నాలుగే గతి. ఊరి శివారు తోటల వాళ్ళు దసరాకి ముందే అడ్వాన్సు తీసేసుకుంటారు. (ఉసిరి చెట్టు ఉందా అని అడిగితే, ఉందన్నారు. వెళ్ళి చూస్తే కుండీలో ఉంది. దాని కిందే భోంచేయాలంటే ఒక్కొక్కరం పడుకుని తినాలి.)

మాకు నవంబరు 16 దొరికింది. వంట మేస్త్రికి లెక్క గురువారం సాయంత్రానికి అందాలి. శుక్రవారం సరుకులు, శనివారం కూరగాయలు, శనివారం రాత్రే పప్పులు నానబోయడం, ఆదివారం తెల్లవారుజామున పొయ్యి వెలిగించడం, అదీ ఆయన క్రమం. అంటే అసలైన ఆఖరు తేదీ 13. నాలుగు రోజులు చేతిలో ఉంచుకుని మిమ్మల్ని 9న నిలబెట్టాను. ఆ నాలుగు రోజుల సంగతి జనానికి ఎవరు చెప్పారో గానీ, 9వ తేదీ రాత్రికి వచ్చిన పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పేర్లు వచ్చే తీరు కూడా మీకు తెలియాలి. గ్రూపులో ఆహ్వానం పెట్టిన పది నిమిషాల్లో బొటనవేళ్ళు బారులు తీరతాయి. ఆ బొటనవేలు వస్తామని చెప్పడమా, చూశామని చెప్పడమా, ‘మీరు కానివ్వండి’ అని దీవించడమా? ఫోన్ చేసి అడిగితే ‘మనం లేకుండా వనభోజనాలేంటండీ!’ అంటారు. డబ్బులు మాత్రం పంపరు. ఇంకొకరు ‘ఫ్యామిలీతో వస్తున్నాం’ అని రాస్తారు. ఆ ఫ్యామిలీలో ఊరి నుంచి వచ్చిన వియ్యపురాలు ఉందో లేదో ఆదివారం దాకా పరమ రహస్యం. పదేళ్ళ లోపు పిల్లలకి ఉచితం అని వేశామా, ఆ ఏడు మా సంఘంలో పిల్లలందరికీ తొమ్మిదేళ్ళే. వాళ్ళలో ఒకడికి మీసాలు కూడా వస్తున్నాయి. ‘మావాడేం తింటాడండీ, పిచిక తిండి’ అన్న తల్లి పక్కనే ఆ పిచిక నాలుగో బూరె అందుకోవడం నేను కళ్ళారా చూశాను.

మీకు తెలియని దెబ్బ ఇంకోటుంది. పేరు ఇవ్వడానికి మీరున్నారు, రామని చెప్పడానికి ఎవరూ లేరు. 2023లో మా వనభోజనాలు నవంబరు 19న పడ్డాయి, కార్తీకంలో మొదటి ఆదివారం. ఆ ఏడు పేర్లు దండిగా వచ్చాయి, డబ్బులు మాత్రం ‘అక్కడే ఇస్తాం’ అన్నారు. బుధవారం సెమీఫైనల్లో మన జట్టు న్యూజిలాండును ఓడించింది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి అహ్మదాబాదులో ప్రపంచకప్ ఫైనల్. మేం పప్పు వడ్డించేది ఒంటిగంటకి. రామని ఒక్కరూ ఫోన్ చేయలేదు, రాలేదు, అంతే. మేస్త్రి లెక్క చెప్పిన విస్తళ్ళకే గానీ లేచిన విస్తళ్ళకి కాదు కదా, మొత్తం కట్టాల్సిందే. ఆరు వికెట్ల తేడాతో కప్పు ఆస్ట్రేలియాకి పోయింది, గంగాళంలో సగం పులిహోర మాకు మిగిలింది.

ఆ భయం మొన్నటి దాకా వదల్లేదు. అందుకే 2025లో ఆ గురువారం సాయంత్రానికి డబ్బు కట్టినవాళ్ళు 118 మంది ఉంటే, బొటనవేళ్ళలో కొన్నిటిని నమ్మి మేస్త్రికి 140 అని చెప్పాను. ఆదివారం దిగినవాళ్ళు 190 పైమాటే.

మనుషులు ఎక్కువైతే ముందుగా ఏది అయిపోతుందంటారు? అన్నం అనుకుంటారు అందరూ. అన్నానికి ఢోకా లేదు, బియ్యం కడిగి ఎసట్లో పోస్తే ముప్పావుగంటలో ఇంకో గుండిగ దిగుతుంది. దప్పళంలో వేడినీళ్ళు పోస్తారు. గరిటె అడుగంటా తిరిగి ఒక్క గుమ్మడికాయ ముక్కతో పైకొచ్చిందంటే పోసేశారని అర్థం. కంద బచ్చలి వడ్డించేవాడి చెయ్యి దానంతటదే చిన్నదవుతుంది. బూరెకి ఆ వెసులుబాటు లేదు. అది లెక్కకి వచ్చే వస్తువు, సగం వడ్డిస్తే సగం అని కనిపిస్తుంది.

మనిషికి రెండు చొప్పున 280, మేస్త్రి తన లెక్కలో ఇంకో ఇరవై, మొత్తం 300 బూరెలు. మొదటి పంక్తిలో ‘ఇంకోటి వేయించుకోండి’ అని మా కోశాధికారి మర్యాద చేశారు. రెండో పంక్తిలో ఒక్కోటి పడింది. మూడో పంక్తికి పళ్ళెంలో నెయ్యి మరకలు వచ్చాయి.

మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మూకుడు కింద మంట ఆర్పేసి, తువ్వాలు భుజాన వేసుకుని చెప్పింది ఇదీ: “మినప్పప్పూ బియ్యమూ నాలుగ్గంటలు నానాలి, రుబ్బాలి. శెనగపప్పు ఉడకాలి, బెల్లంతో దగ్గరపడాలి, చల్లారితేనే ఉండవుతుంది. తమరు గురువారం చెప్పాల్సింది ఆదివారం ఒంటిగంటన్నరకి చెప్తే నేనేం చేసేది బాబూ?”

ఆ మూడో పంక్తిలో కూర్చున్నది ఎవరనుకున్నారు? పొద్దుటినుంచి ముగ్గులేసి, కుర్చీలాట ఆడించి, రెండు పంక్తులకి వడ్డించినవాళ్ళు. ఆహ్వానం పెట్టిన సాయంత్రమే డబ్బు కట్టిన నాలుగు కుటుంబాలూ వాళ్ళలోనే ఉన్నాయి. మీ మాట విన్నందుకు వాళ్ళకి దక్కింది మజ్జిగ. గేటు దగ్గర అదనపు రుసుము రాసి పెట్టాం గానీ, వసూలు చేయడానికి కూర్చోబెట్టిన పెద్దాయన ‘మనవాళ్ళే కదా’ అని రసీదు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయారు.

అందుకని ఆఖరు తేదీ గారూ, మీకు గౌరవం తెద్దామని మొన్న కమిటీలో ఒక తీర్మానం పెట్టాను. మీ లోపు డబ్బు కట్టినవాళ్ళకి బూరె టోకెను. తర్వాత వచ్చినవాళ్ళకి భోజనం మామూలే, బూరె మాత్రం ఉండదు. రెండు గంటలు వాదించుకున్నారు. కార్తీకమాసంలో పసిపిల్లల ముందు బూరె లేదంటే పాపం చుట్టుకుంటుందన్నారు ఒకరు. అయితే పిల్లలకి టోకెను లేకుండానే ఇద్దామన్నారు ఇంకొకరు. మీసాల పిల్లాడు గుర్తొచ్చి నేను ఒప్పుకోలేదు. చివరికి చేతులెత్తించి తీర్మానం నెగ్గించాను.

నిన్న ప్రెస్సుకి వెళ్ళాను. టోకెన్లు ఎన్ని కొట్టాలో, ఎంతమంది వస్తున్నారో గురువారంలోగా చెప్పమన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
కార్యదర్శి