అనుభవం ఒక్కటే, భాష్యాలే వేరా?

యోగులు, సూఫీలు, క్రైస్తవ సాధువులు అందరూ పొందేది ఒకే అనుభవమని, తేడా అంతా చెప్పుకునే తీరులోనే ఉందని చాలామంది అంటారు. ఈ నమ్మకాన్ని గట్టి వాదనగా నిలబెట్టాలని చూసిన తాత్వికుడు డబ్ల్యూ.టి. స్టేస్. 1960లో వచ్చిన పుస్తకంలో ఆయన అనుభవం వేరు, దాని భాష్యం వేరు అన్నాడు. దృశ్యాలు, శబ్దాలు, ఆలోచనలు అన్నీ తొలగిపోయాక మిగిలే ఏకత్వం అందరికీ ఒకటే. దాన్ని క్రైస్తవుడు దేవుడితో కలయిక అంటాడు, అద్వైతి బ్రహ్మం అంటాడు.

ఇందుకు స్టేస్ చూపిన ఉదాహరణల్లో యూదు తత్వవేత్త మార్టిన్ బ్యూబర్ ఆసక్తికరమైనవాడు. తనకు ఎలాంటి విభజనా లేని ఏకత్వం అనుభవంలోకి వచ్చిందని బ్యూబర్ స్వయంగా రాసుకున్నాడు. మొదట్లో అది పరమాత్మతో ఐక్యం అనుకున్నాడు. తర్వాత కాదని, తన ఆత్మలోని ఏకత్వమే అయి ఉంటుందని తేల్చుకున్నాడు. మనిషి ఒకడే, అనుభవం ఒకటే, భాష్యాలు రెండు. స్టేస్‌కు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కానీ ఇక్కడే చిక్కు ఉంది. బ్యూబర్ మనసు మార్చుకోవడానికి కారణం యూదు సంప్రదాయం ఒత్తిడి అని స్టేస్ అంటాడు. మరి మొదటి భాష్యానికి ఏ ఒత్తిడీ లేదా? ఏది అనుభవమో, ఏది పైపూతో తీర్పు చెప్పేవాడు తన సిద్ధాంతంతోనే కూర్చున్నాడని నాకనిపిస్తుంది.

1978లో మరో తాత్వికుడు స్టీవెన్ కాట్జ్ ఇంకా లోతుకు వెళ్లాడు. సంప్రదాయం అనుభవం అయ్యాక వచ్చి చేరేది కాదు, ముందునుంచే దాన్ని మలుస్తుంది అన్నది ఆయన వాదన. యూదు సాధకుడి లక్ష్యం దేవుణ్ని అంటిపెట్టుకోవడం. ఆ సాధనలో దేవుడూ మనిషీ ఇద్దరుగానే ఉంటారు. బౌద్ధ సాధకుడు నేననే స్థిరమైన ఆత్మ లేదని చూడటానికి ఏళ్ల తరబడి శిక్షణ పొందుతాడు. ఇద్దరూ ఒకే చోటికి చేరారని దేని ఆధారంగా అనాలి? అంత దూరం ఎందుకు, ఒకే ఉపనిషత్తులను ప్రమాణంగా తీసుకున్న శంకరులు, రామానుజులు కూడా ముక్తుడు దేవుడితో ఒకటైపోతాడా, వేరుగా ఉంటాడా అన్న దగ్గర విడిపోయారు.

అలాగని కాట్జ్ మాటా పూర్తిగా మింగుడుపడదు. సంప్రదాయం నేర్పిందే కనిపించేట్టయితే సాధకులకు సొంత మతంతోనే పేచీ ఎందుకొస్తుంది? మధ్యయుగపు క్రైస్తవ సాధకుడు మైస్టర్ ఎక్‌హార్ట్ బోధల్లోని కొన్ని వాక్యాలను 1329లో పోప్ ఖండించాడు. అయితే కాట్జ్ పక్షం దీనికి కూడా జవాబు చెప్పగలదు: ఎక్‌హార్ట్ చదివిన గ్రంథాల్లో అలాంటి ఆలోచనలకు మూలాలు ఉన్నాయి.

కాట్జ్‌కు ఎదురు నిలిచిన రాబర్ట్ ఫోర్మన్ వాదన బలమైనదే. ఏ విషయమూ లేకుండా మెలకువ మాత్రమే ఉండే స్థితి ఒకటి ఉందని, విషయమే లేనప్పుడు సంస్కృతి మలచడానికి అందులో ఏమీ ఉండదని ఆయన అంటాడు. అలాంటి స్థితి ఉండొచ్చు. కాకపోతే అందులో దేవుడు లేడు, బ్రహ్మం లేదు, ప్రేమ లేదు. ఏమీ లేని ఆ స్థితిని చూపించి మతాలన్నీ చెప్పే సత్యం ఒకటేనని అనడం కుదరదు.