సున్నా గారు వేదిక మీదకు రావాలి

మా సంఘంలో నలభై మంది సభ్యులకు ప్రశంసాపత్రాలు అచ్చు వేయించే పని నా మీద పడింది. పత్రం మీద పేరు, దాని కింద సభ్యత్వ సంఖ్య ఉండాలి. నా దగ్గర 101 నుంచి 140 వరకు సంఖ్యలు వరుసగా ఉన్న ఒక ఎక్సెల్ షీటు ఉంది, పేర్లు మాత్రం కార్యదర్శి గారి రిజిస్టరులో, అంటే Members అనే మరొక షీటులో ఉన్నాయి. సంఖ్యను బట్టి పేరు తెచ్చుకుంటే పని పూర్తి అవుతుంది కనుక ఒక్క పూటలో ముగించవచ్చని అనుకున్నాను.

చిక్కంతా రిజిస్టరు అమరికలోనే ఉంది. అందులో A కాలమ్‌లో పేరు, B లో ఫోన్ నంబరు, C లో చందా ఉంటాయి. ఏ పట్టికలోనైనా మొదట ఉండవలసిన సభ్యత్వ సంఖ్యను మాత్రం కార్యదర్శి గారు, తరువాత గుర్తుకు వచ్చినందువల్ల కాబోలు, D కాలమ్‌లో పెట్టారు. ఆ కాలమ్‌ను ఎడమ వైపుకు జరుపుతానని అడిగితే ఆయన, "పదేళ్లుగా ఇలాగే ఉందండీ, ఒక్క కాలమ్ కూడా కదపడానికి వీల్లేదు," అన్నారు. పదేళ్లుగా ఉన్నదేదీ తప్పు కాజాలదని ఆయన గట్టి నమ్మకం.

అందరిలాగే నేనూ మొదట VLOOKUP రాశాను.

```
=VLOOKUP(A2, Members!$A$2:$D$100, 1, FALSE)
```

#N/A వచ్చింది. ఇందులో దాని దోషం ఏమీ లేదు. మనం ఇచ్చిన పరిధిలోని మొట్టమొదటి కాలమ్‌లో మాత్రమే వెతకడం VLOOKUP నియమం కనుక, అది 101 అనే సంఖ్యను మనుషుల పేర్ల మధ్య వెతికి లేదని చెప్పింది. పరిధిని D నుంచి మొదలుపెట్టి, ఎడమ వైపుకు రమ్మన్న ఉద్దేశంతో కాలమ్ సంఖ్య దగ్గర -3 రాసి చూశాను. ఈసారి #VALUE! వచ్చింది. ఆ ఫార్ములా కుడి చేతి వైపుకే చూడగలదు, వెనక్కి తిరగమంటే తిరగదు. XLOOKUP ఉంటే ఈ బాధ ఉండేది కాదు గానీ, అది ఎక్సెల్ 2021 లోనూ మైక్రోసాఫ్ట్ 365 లోనూ ఉంటుంది. సంఘం కంప్యూటరులో ఉన్నది అంతకన్నా పాతది. దానిని మార్చడం గురించి అడిగితే ఏ సమాధానం వస్తుందో పైన చెప్పాను.

ఇటువంటి చోట INDEX, MATCH జంట పనికి వస్తుంది. MATCH ఒక కాలమ్‌లో వెతికి, దొరికినది పై నుంచి ఎన్నవదో చెబుతుంది. INDEX మరొక కాలమ్‌లో అన్నవ స్థానంలో ఉన్న విలువను తెచ్చి ఇస్తుంది. వెతికే కాలమ్, తెచ్చే కాలమ్ వేరువేరుగా చెబుతాము కనుక ఏది ఎడమ, ఏది కుడి అనే పట్టింపే లేదు. చివర రాసే 0 మాత్రం మరచిపోకూడదు. అది లేకపోతే MATCH, కాలమ్ చిన్న నుంచి పెద్దకు క్రమంలో ఉందని తనంతట తాను అనుకుని దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. నేను ఆ 0 పెట్టాను. పరిధులు కిందికి జారకుండా డాలరు గుర్తులు కూడా పెట్టాను. ఈ రెండు జాగ్రత్తలూ తీసుకున్న తృప్తితో మిగిలిన లోకమంతా చల్లగా ఉందనుకున్నాను.

```
=INDEX(Members!$A$2:$A$100, MATCH(A2, Members!$D$1:$D$100, 0))
```

ఈ వరుసను పాఠకులు నిదానంగా చూడగలరు. నేను రాస్తున్నప్పుడు కార్యదర్శి గారు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నందువల్ల నాకు ఆ నిదానం కుదరలేదు. పేర్ల కాలమ్‌ను మొదటి పేరు నుంచి, అంటే A2 నుంచి ఎంచుకున్నాను. సంఖ్యల కాలమ్ దగ్గరికి వచ్చేసరికి ఆయన, "హెడింగుతో సహా తీసుకోండి, లేకపోతే అది ఏ కాలమో దానికెలా తెలుస్తుంది?" అన్నారు. VLOOKUP అయితే ఆ సలహా వల్ల నష్టం ఉండేది కాదు. అందులో వెతకడమూ తేవడమూ ఒకే పరిధిలో జరుగుతాయి కనుక హెడింగు చేరినా రెండూ కలిసే ఒక మెట్టు కదులుతాయి. ఇక్కడ పరిధులు రెండు. ఒకటి రెండవ రో నుంచి, మరొకటి మొదటి రో నుంచి మొదలయ్యాయి. పెద్దవారి మాట కాదనలేక D1 నుంచి లాగాను.

ఫలితంగా ఏం జరిగిందంటే, 101 సంఖ్య D2 లో ఉంది. D1 నుంచి లెక్కిస్తే అది రెండవది. MATCH నిజాయితీగా 2 అని చెప్పింది. ఎందుకంటే అది చెప్పేది తనకు ఇచ్చిన పరిధిలోని స్థానమే తప్ప షీటులోని రో సంఖ్య కాదు. INDEX కూడా అంతే నిజాయితీగా A2 నుంచి లెక్కించి రెండవ సెల్, అంటే A3 లోని పేరును తెచ్చింది. 101 కి 102 వారి పేరు వచ్చింది, 102 కి 103 వారి పేరు వచ్చింది, అలా చివరి దాకా ప్రతి ఒక్కరికీ పక్కవారి పేరు వచ్చింది. చివరి సంఖ్య 140 పై నుంచి నలభై ఒకటవది. A2 నుంచి నలభై ఒకటవ సెల్ A42 అవుతుంది, అందులో ఏమీ లేదు. ఖాళీ సెల్‌ను తెచ్చి చూపమంటే ఎక్సెల్ ఖాళీని చూపదు, 0 అని చూపుతుంది.

ఒక్క చోట కూడా తప్పు గుర్తు రాలేదు. #N/A వస్తే మనిషి కంగారుపడి వెతుకుతాడు. నలభై సెల్‌లలో నలభై విలువలు కనిపిస్తే టీ తాగడానికి వెళతాడు. ఫార్ములా సెల్ మూలన రెండుసార్లు నొక్కగానే అది కిందిదాకా నిండిపోయింది, ఆ కిందిదాకా తెర మీద కనిపించలేదు. కనిపించి ఉంటే, పేర్లన్నీ సెల్ ఎడమ అంచున ఉండగా చివరిది ఒక్కటే కుడి అంచుకు అంటుకుని ఉండేది, ఎందుకంటే అంకెలను ఎక్సెల్ కుడి వైపున చూపుతుంది. ప్రశంసాపత్రం మీద మాత్రం అన్నింటినీ బంగారు రంగులో మధ్యకు అమర్చాము.

ఇక సభ గురించి. వ్యాఖ్యాత చేతిలో పేర్ల జాబితా మాత్రమే ఉంది, పత్రాలు కూడా అదే వరుసలో పేర్చి ఉన్నాయి. కనుక పిలిచిన పేరు గలవారే వచ్చారు, వారి పేరున్న పత్రమే అందుకున్నారు, ఫోటోలు దిగారు. కింద చిన్న అక్షరాలలో ఉన్న సంఖ్య తమది కాదని ఎవరూ గమనించలేదు. జాబితా మొత్తంలో పిలుపు రానిది ఒకే ఒక్కరికి, 101 వారికి. A2 లోని పేరు ఏ సంఖ్యకూ రాలేదు. ఆ 101 మా కార్యదర్శి గారు. ఆయన ముందు వరుసలో, కొత్త కండువాతో, మొదటి పిలుపు తనదేనని సగం లేచి ఉన్నారు. రెండవ పేరు వినబడగానే కూర్చున్నారు. గౌరవార్థం చివరలో పిలుస్తారని ఆయనే సర్ది చెప్పుకున్నట్టు ముఖం చూస్తే తెలిసింది. ముప్ఫై తొమ్మిది మంది వెళ్లి వచ్చేదాకా ఆ చిరునవ్వును అలాగే నిలబెట్టుకున్నారు.

అప్పుడు వ్యాఖ్యాత చివరి పేరు చూశారు. జాబితాను కొంచెం దూరం పెట్టి చూశారు, దగ్గరికి తెచ్చి చూశారు. అది O అనే అక్షరమై ఉంటుందేమో, ఎవరి ఇంటిపేరుకైనా పొడి అక్షరమేమో అని ఆలోచించినట్టున్నారు. చివరికి, ఇచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టు చదవడమే తన ధర్మమనుకుని, గొంతు సవరించుకుని, "ఇప్పుడు శ్రీ సున్నా గారిని వేదిక మీదకు రావలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాము," అన్నారు. వెనక వరుసలో ఎవరో అది కలం పేరు అనుకుని చప్పట్లు కొట్టారు, మర్యాద కోసం మిగిలినవారూ అందుకున్నారు. సభలో పత్రం అందనివారు ఒక్కరే కనుక చప్పట్లు కొడుతున్న చేతులన్నీ మెల్లగా ఆయన వైపు తిరిగాయి. ఆయన కూడా లేవాలా వద్దా అని ఒక క్షణం నిజంగానే తటపటాయించారు. అధ్యక్షుల వారి చేతిలో "0" అని బంగారు అక్షరాలతో ఉన్న పత్రం మాత్రం మెరుస్తూనే ఉంది.

ఆ రాత్రి ఫార్ములా తెరిచి, MATCH నుంచి దాని బ్రాకెట్టు దాకా ఎంచుకుని F9 నొక్కాను. ఆ ముక్క విలువ 2 అని కనబడింది. మొదటి సభ్యుడికి 1 రావలసిన చోట 2 రావడంతో సంగతి అర్థమైంది. ఆ తరువాత Enter కాకుండా Esc నొక్కాలి, లేకపోతే ఆ 2 ఫార్ములాలో శాశ్వతంగా ఉండిపోతుంది. దిద్దుబాటు ఒక్క అంకె.

```
=INDEX(Members!$A$2:$A$100, MATCH(A2, Members!$D$2:$D$100, 0))
```

ఇదే పొరపాటు XLOOKUP లో జరిగి ఉంటే, ఒక పరిధిలో తొంభై తొమ్మిది సెల్‌లు, మరొకదానిలో వంద ఉన్నాయని పసిగట్టి #VALUE! ఇచ్చి ఉండేది. INDEX అలా ప్రశ్నించదు. హెడింగు సంగతి నేను కార్యదర్శి గారికి వివరించబోతే, "ఫార్ములా మీరే కదా రాసింది," అన్నారు.

ఇప్పుడు సమస్య పంచేసిన ముప్ఫై తొమ్మిది పత్రాలది. వాటిని వెనక్కి ఇమ్మంటే చాలామంది అప్పటికే ఫ్రేములు కట్టించేశామన్నారు. ఒక్క కాలమ్ కూడా కదపడానికి వీల్లేదన్న కార్యదర్శి గారు ఒక ఉపాయం చెప్పారు. పత్రాలు మార్చడం ఎందుకు, రిజిస్టరులో D కాలమ్‌లోని సంఖ్యలన్నింటినీ ఒక సెల్ కిందికి జరిపితే పత్రాలతో సరిపోతాయి కదా అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది. అలా చేస్తే 101 రెండవ సభ్యుడికి వెళుతుందని, చివర మిగిలిపోయే 140 తమకు వస్తుందని నేను వినయంగా తెలియజేశాను. పత్రాలు మళ్లీ అచ్చు వేయించమని ఆయన ఫోన్ పెట్టేశారు.