అప్పీలు వేస్తే అమలు ఆగదు

సివిల్ దావాలో ఓడిన ప్రతివాది పైకోర్టులో అప్పీలుకు నంబరు పడగానే గండం గడిచిందనుకుంటాడు. కానీ అప్పీలు దాఖలైనంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు స్పష్టంగా చెబుతోంది. స్టే విడిగా కోరి తెచ్చుకోవలసిందే. ఆ స్టే దక్కుతుందా లేదా అన్నది చాలావరకు గడువు లెక్కలోనే తేలిపోతుంది.

జిల్లా కోర్టులో వేసే అప్పీలుకు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఉదాహరణకు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు జూలై 1న ఇల్లు ఖాళీ చేయమని తీర్పు ఇచ్చిందనుకుందాం. తీర్పు రోజును వదిలేస్తే 30 రోజులు జూలై 31తో ముగుస్తాయి. ప్రతివాది 10న తీర్పు నకలుకు దరఖాస్తు చేసి, అది 28న సిద్ధమైతే ఆ 19 రోజులు మినహాయింపు పొంది, గడువు ఆగస్టు 19 దాకా సాగుతుంది. నకలు సిద్ధమయ్యాక తీసుకోవడానికి బద్ధకించిన రోజులకు, స్టాంపులు కట్టమని కోర్టు పిలిచినా కట్టని రోజులకు మాత్రం మినహాయింపు ఉండదు. ఆ తేదీలన్నీ నకలు మీదే ఉంటాయి.

గడువు దాటితే జాప్యాన్ని మన్నించమనే పిటిషన్ అప్పీలుతోపాటే వేయాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది: అప్పీలును విచారణకు తీసుకోవాలని కోర్టు నిర్ణయించేదాకా స్టే ఇవ్వకూడదని అదే 41వ ఆర్డరు 3ఏ రూలు అంటోంది. ఈలోగా గెలిచిన డిక్రీదారు తీర్పు అమలు కోరే ఈపీ వేసి ముందుకు సాగిపోవచ్చు.

వేదిక తప్పినా రోజులు ఇలాగే కరిగిపోతాయి. ప్రతివాది హాజరు కాకపోతే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమన్న పిటిషన్ కొట్టివేతకు గురైతే దాని మీద 43వ ఆర్డరు కింద అప్పీలు ఉంది; అయినా కొందరు కింది కోర్టు ఉత్తర్వును హైకోర్టు సరిచూసే రివిజన్‌కే పరుగెడతారు. అప్పీలు ఉన్నచోట 115వ సెక్షన్ కింద రివిజన్ నిలవదు. పైగా 2002 సవరణ తర్వాత, కోరిన ఉత్తర్వు దక్కితే దావాయే ముగిసిపోయే సందర్భాలకే దాదాపుగా ఆ దారి పరిమితమైంది. రివిజన్ వేసినా అమలు దానంతటది ఆగదు.

స్టే కోరేవారు గణనీయమైన నష్టం కలుగుతుందని చూపాలి, ఆలస్యం చేయకుండా రావాలి, హామీ ఇవ్వాలి. డబ్బు డిక్రీలో వివాదంలో ఉన్న సొమ్మును జమ చేయడమో, హామీ చూపడమో తప్పదు. ఇల్లు ఖాళీ చేయించే డిక్రీలో స్టే కాలానికి తగిన ప్రతిఫలం కట్టమని షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2004లో ఆత్మారాం ప్రాపర్టీస్ కేసులో చెప్పింది. ఆ షరతు న్యాయమైనదేనని మా అభిప్రాయం. గెలిచినవాడు ఏళ్ల తరబడి పాత అద్దెతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

అయితే ఓడినవారికీ ఒక రక్షణ ఉంది. అప్పీలు గడువు ముగియకముందే అడిగితే, తగిన కారణం ఉన్నప్పుడు డిక్రీ ఇచ్చిన కోర్టే అమలును తాత్కాలికంగా ఆపగలదు. తీర్పు వెలువడిన వెంటనే ఆ పిటిషన్ వేయించడం న్యాయవాదుల బాధ్యత. పైకోర్టు స్టే కింది కోర్టుకు చేరేసరికి ఆలస్యమైతే, స్వయంగా ఎరిగిన విషయంగా అప్పీలుదారు ప్రమాణ పత్రం దాఖలు చేయవచ్చు. ఉత్తర్వు అందేదాకా కింది కోర్టు దాని మీదే నడుచుకోవాలి.