ఎస్‌పీఎఫ్ 50 రాసినా మంగు మచ్చలు ఎందుకు ముదురుతాయి?

వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్: "టింటెడ్ సన్‌స్క్రీన్ పచ్చి మోసం. అందులో కలిపేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు. చర్మంలోకి దిగి ఇంకా నల్లబరుస్తుంది. మన రంగు వాళ్లకు మెలనిన్ ఉంటుంది, ఎండ ఏం చేయదు. భయమైతే మామూలు ఎస్‌పీఎఫ్ 50 చాలు, లేదంటే స్కార్ఫ్ కట్టుకోండి. మచ్చలకు నిమ్మరసం రాయండి. పదిమందికి పంపండి."

హన్మకొండలో ఉన్న మా చుట్టాలంతా ఆ చివరి మాట తు.చ. తప్పకుండా పాటించారు. నాకే నలుగురు పంపారు.

తుప్పు సంగతి ముందు. టింటెడ్ అంటే చర్మం రంగు కలిపిన సన్‌స్క్రీన్. ఆ రంగు కోసం వేసే ఐరన్ ఆక్సైడ్ ఫ్యాక్టరీలో శుద్ధంగా తయారుచేసే పొడి. లిప్‌స్టిక్‌లో, ఫేస్ పౌడర్‌లో ఎప్పటినుంచో ఉంది. చర్మం పైనే కూర్చుని, కడిగితే పోతుంది. లిప్‌స్టిక్ వేసుకుని ఈ మెసేజ్ పంపిన అత్తమ్మకు ఇంతకంటే చెప్పను.

అసలు నష్టం చేసేది "ఎస్‌పీఎఫ్ 50 చాలు" అనే మాట. ఎస్‌పీఎఫ్ అంకె చర్మం కమిలిపోవడాన్ని బట్టి కొలిచేది, అంటే ముఖ్యంగా ఎండలో కంటికి కనిపించని యూవీ-బీ కిరణాల లెక్క. పక్కన పీఏ++++ అని ఉంటే అది యూవీ-ఏ కిరణాల లెక్క, అవీ కంటికి కనిపించవు. కంటికి కనిపించే వెలుతురు, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉండేది, ఈ రెండు లెక్కల్లోనూ లేదు. చామనచాయ, నల్లని చర్మాలను ఎక్కువగా రెచ్చగొట్టేది అందులోని నీలం, ఊదా భాగమే. మెలనిన్ తయారుచేసే కణాల్లో ఆప్సిన్-3 అనే ప్రోటీన్ ఉంటుంది. అది నీలి వెలుతురును పసిగట్టి, రంగు తయారీని పెంచుతుంది. 2010లో అచ్చయిన ఒక ప్రయోగంలో కనిపించే వెలుతురును తెల్లని చర్మం మీద, ముదురు రంగు చర్మాల మీద వేసి చూశారు. తెల్లని చర్మంలో మార్పు రాలేదు. ముదురు రంగు చర్మాలు నల్లబడ్డాయి, ఆ నలుపు రోజుల తరబడి పోలేదు. మెలనిన్ మనల్ని కమిలిపోకుండా చాలావరకు కాపాడేది నిజమే. మచ్చల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కవచమే తిరగబడుతుంది.

మా వదినకు కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. రోజూ స్కూటీ మీద కాజీపేట వెళ్లొస్తుంది. ఎస్‌పీఎఫ్ 50 రాయడం మానలేదు, డాక్టర్ రాసిన క్రీమ్ కూడా మానలేదు. చలికాలంలో తగ్గిన మచ్చ ఏప్రిల్‌కల్లా మళ్లీ తేలేది. ఆమె ట్యూబు తీసుకుని గాజు పలక మీద ఒక చుక్క పల్చగా పులిమి చూశాం. ఏమీ కనిపించలేదు, గాజు గాజులాగే ఉంది. కంటికి కనిపించకుండా పోయిందంటే, కంటికి కనిపించే వెలుతురు దాంట్లోంచి దర్జాగా దాటిపోతోందనే కదా! టింటెడ్‌ది పులిమితే గోధుమ రంగు పొర నిలిచింది. ఎర్ర, పసుపు ఐరన్ ఆక్సైడ్‌లు ఆ రంగులో ఉండటానికి కారణమే నీలి వెలుతురును మింగేయడం. నల్లది అన్ని రంగులనూ మింగుతుంది.

రంగున్న ప్రతి ట్యూబూ పనికొస్తుందని కాదు. వెనక పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ అనో, CI 77491, CI 77492, CI 77499 అనో ఉండాలి. రాయడంలోనూ పొరపాటు జరుగుతుంది. రంగు ఎక్కువవుతుందని బొట్టంత రాస్తారు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున రాయాలి, చెమటకు తుడిచేస్తే మళ్లీ రాయాలి. లేకపోతే ఎస్‌పీఎఫ్ కూడా అట్ట మీదే మిగులుతుంది.

ఇక స్కార్ఫ్. ఇక్కడ మెసేజే గెలిచింది. కళ్లు తప్ప అంతా చుట్టుకుని వరంగల్ రోడ్ల మీద బండి నడిపే ఆడపిల్లలకు ఏ టింటూ సాటిరాదు, గుడ్డ దళసరిగా, ముదురు రంగులో ఉంటే. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుంటే వెలుతురు తెలిసిపోతుందంటే అది దుమ్ముకే అడ్డు, వెలుతురుకు కాదు. పైగా బడిలోనో ఆఫీసులోనో అడుగుపెట్టగానే విప్పేస్తారు. కిటికీ పక్కన కూర్చుంటే గాజు యూవీ-బీని ఆపుతుంది గానీ నీలి వెలుతురును ఆపదు. ఫోన్ వెలుతురుకు మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, ఎండతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

మన రంగుకు నప్పే షేడ్ దొరకడం కష్టం, అదీ ఒప్పుకుంటాను. చాలా కంపెనీలకు ఒకే షేడ్ ఉంటుంది, అదీ లేత రంగు. మన ముఖం మీద బూడిద పూసినట్టు తేలుతుంది. అలాంటప్పుడు మామూలు సన్‌స్క్రీన్ రాసి, ఆరాక మన రంగులో ఐరన్ ఆక్సైడ్ ఉన్న ఫౌండేషన్ దట్టంగా వేసుకున్నా చాలావరకు పని జరుగుతుంది.

నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, బొబ్బలెక్కి, కొత్త మచ్చలు పడొచ్చు. మచ్చలు పోగొట్టమంటే మచ్చలు పెట్టే చిట్కా ఇచ్చిన మహానుభావులు, ఇంకో పదిమందికి పంపకుండా ఉంటే సంతోషం.