చెకప్‌లన్నీ నార్మల్, కాన్పు ఆసుపత్రిలోనే, మరి తల్లి ఎందుకు పోయింది?

"మన అవ్వలు పదేసి మందిని ఇంట్లోనే కన్నారు, ఏమైంది? ఇప్పుడు ఊరికే భయపెడుతున్నారు. నాలుగు చెకప్‌లు నార్మల్ వస్తే ఇక ఏ ప్రమాదమూ లేనట్టే, దగ్గర్లో ఏదో ఒక ఆసుపత్రి చాలు. ఆసుపత్రిలో తల్లి చనిపోయిందంటే ఇంట్లోవాళ్లు ఆలస్యం చేశారనే అర్థం. పెద్దాసుపత్రికి పోతే ఊరికే కోత కోస్తారు. గ్రహణం రోజు గర్భిణి బయటికి రాకూడదు. ప్రతి ఆడబిడ్డకూ షేర్ చేయండి."

ఈ మెసేజ్ నాకు పంపినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లే. కొందరు టీచర్లు, ఒకరు బ్యాంకు ఉద్యోగి. లేబర్ రూంలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి, నాకు నచ్చుతుందనుకుని పంపారు. నచ్చలేదు. ఒక్కొక్క మాటకే జవాబు చెబుతాను.

గ్రహణం సంగతి వదిలేయండి. తల్లుల మరణాలకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అవ్వల మాటకొస్తే, పదిమందిని కని బతికిన అవ్వ మనకు కథ చెప్పింది. మూడో కాన్పులో పోయిన అవ్వ ఏం చెబుతుంది? ఏ ఊరికైనా పోయి ముసలివాళ్లను అడగండి, పురిట్లో పోయిన ఒక చిన్నమ్మో మేనత్తో ప్రతి ఇంటి జ్ఞాపకంలోనూ ఉంటుంది. దూరం పోనక్కరలేదు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 లెక్కలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు ఆ సంఖ్య 45. రాష్ట్రం విడిపోయింది కాబట్టి రెండూ ఒకే ప్రాంతానివి కావు, అయినా తగ్గుదల ఎంతో కనిపిస్తూనే ఉంది.

ఇక నాలుగు చెకప్‌ల సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96 మందికి పైగా ఆసుపత్రిలోనే కంటున్నారు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ చెకప్‌లు చేయించుకున్నవాళ్లు మాత్రం నూటికి 67 మందే. మన కర్నూలు పడమటి పల్లెల్లో ఈ తేడా ఎందుకో ఏ ఆశా కార్యకర్తనడిగినా చెబుతుంది. గర్భిణి కూడా మిర్చి కోతలకు గుంటూరు వైపు పోతుంది, అక్కడికి చెకప్ కార్డు తీసుకెళ్లదు, తిరిగి వచ్చేసరికి ఎనిమిదో నెల.

అయినా ఆ సంఖ్య చెప్పేది ఎన్నిసార్లు వచ్చారన్నదే. వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పదు. చెకప్ అంటే బీపీ చూడాలి, హిమోగ్లోబిన్ చూడాలి, మూత్రంలో ప్రోటీన్ చూడాలి, కడుపు పట్టి చూసి బిడ్డ గుండె చప్పుడు వినాలి. గర్భిణికి ఇచ్చే ఎంసీపీ కార్డు, అంటే చెకప్‌లన్నీ రాసే తల్లీబిడ్డల కార్డు, తీసి చూడండి. నాలుగు వరుసల్లోనూ బీపీ 110/70 అనే ఉండి, మూత్రం గడి ఖాళీగా ఉంటే, అవి నాలుగు చెకప్‌లు కావు, నాలుగు సంతకాలు. నిజమైన చెకప్ పెరుగుతున్న బీపీని ముందే పట్టిస్తుంది. రక్తహీనతను పట్టిస్తుంది. గుర్రపు వాతం అని మనవాళ్లు భయపడే ఫిట్స్‌ను చాలామందిలో రాకముందే ఆపగలిగేది ఆ బీపీ, ఆ మూత్రం పరీక్షలే.

కానీ నిఖార్సైన చెకప్‌లు నాలుగు కాదు, ఎనిమిది చేసినా కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని ముందే చెప్పలేవు. ఆ రక్తస్రావం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ముందుగా ఏ ప్రమాద సూచనా ఉండదు. మనకు తల్లుల్ని ఎక్కువగా పోగొట్టే కారణాల్లో ముందు వరసలో ఉన్నది అదే. కాబట్టి 'నార్మల్ వచ్చింది, ఇక ఏదో ఒక ఆసుపత్రి చాలు' అన్న సలహా మనుషుల ప్రాణం తీసే సలహా.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన మాటకొస్తాను. 'ఇంట్లోవాళ్లు ఆలస్యం చేశారు' అట.

తల్లి మరణాల వెనక ఆలస్యాలు మూడు రకాలని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పారు. మొదటిది ఆసుపత్రికి పోవాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. రెండోది దారిలో ఆలస్యం. మూడోది, ఆసుపత్రి చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. ఈ మెసేజ్ రాసినవాళ్లు మొదటిదాన్ని పట్టుకుని మిగతా రెంటినీ పారేశారు.

ఒక రాత్రిని గంటల వారీగా చెబుతాను. ఇది ఒక్కరి కథ కాదు. తరచూ కనిపించే వరుసను పేర్చి చెబుతున్నాను. కర్నూలు జిల్లా పడమటి మండలంలో ఒక పల్లె, మార్చి ఆఖరు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, రెండో కాన్పు, హిమోగ్లోబిన్ 8.4. చెకప్‌లు నాలుగూ అయ్యాయి. రాత్రి 9 గంటలకు నొప్పులు మొదలయ్యాయి. భర్త గుంటూరులో ఉన్నాడు, అయినా అత్త ఎవరికోసమూ ఎదురుచూడలేదు. పదింటికి 108కి ఫోన్ చేసింది. పదకొండు కొట్టేలోపే దగ్గరి ఆసుపత్రిలో ఉన్నారు. 2.20కి బిడ్డ పుట్టింది, మూడు కిలోలు. గర్భసంచి గట్టిపడి రక్తం ఆగేందుకు నిమిషం లోపే పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పదిహేను నిమిషాల్లో మాయ పడిపోయింది. రిజిస్టర్‌లో 'నార్మల్ కాన్పు, రక్తస్రావం 300 ఎంఎల్' అని రాశారు.

ఆ 300 ఎవరూ కొలిచింది కాదు, కంటి అంచనా. కర్ణాటకలోని బెళగావిలో గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి కొలిచి చూసినప్పుడు, కంటి అంచనా అసలుకంటే దాదాపు మూడో వంతు తక్కువగా ఉంటోందని తేలింది. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈ రాత్రి వాడిన ఆంప్యూల్ వారాల తరబడి కిటికీ పక్కన ట్రేలో ఉంది. మన మార్చి ఎండ సంగతి మీకు తెలుసు. మందు ఇచ్చారు, పనిచేయలేదు, గర్భసంచి గట్టిపడలేదు.

డ్యూటీలో ఉన్నది ఒక్క నర్సు. మూడింటికి ఆమె పక్క బల్లమీద ఇంకో కాన్పులో మునిగిపోయింది. 3.20కి అత్త వచ్చి, "గుడ్డంతా తడిసిపోయింది, పిల్ల వణుకుతా ఉంది, సూడమ్మా" అంది. చూస్తే నాడి 124, బీపీ 90/60. డాక్టర్‌కు ఫోన్, ఆ తర్వాత రెఫర్. అక్కడ రక్తం నిల్వ లేదు. 3.55కి అంబులెన్స్ కదిలింది, జిల్లా కేంద్రానికి గంటన్నరకు పైగా పట్టింది. గ్రూపు చూసి, సరిపోల్చి, సీసా ఎక్కించేసరికి 6.40. ఏడుంబావుకు ఆమె చనిపోయింది.

పట్టించుకోకుండా వదిలేస్తే కాన్పు తర్వాతి రక్తస్రావం సగటున రెండు గంటల్లోనే ప్రాణం తీస్తుంది. ఆమెకు దారిలో కొంత వైద్యం అందింది కాబట్టి ఇంకొన్ని గంటలు నిలిచింది. పైగా హిమోగ్లోబిన్ 8.4 ఉన్న మనిషి, 12 ఉన్న మనిషి తట్టుకునేంత నష్టాన్ని తట్టుకోలేదు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే.

ఇప్పుడు చెప్పండి, అత్త చేసిన ఆలస్యం ఎంత? ఒక గంట. దారిలో పోయింది ఇంకో గంటలోపు. ఆ రెండూ కాన్పుకు మూడు గంటల ముందే ముగిసిపోయాయి. మిగిలినదంతా మూడో ఆలస్యమే: కొలవని రక్తం, చల్లగా లేని మందు, ఒక్కరే నర్సు, నిల్వలేని రక్తం, రెఫర్. లెక్కల్లో మాత్రం ఈమె మన విజయమే. నాలుగు చెకప్‌లు, ఆసుపత్రి కాన్పు, శిక్షణ పొందిన నర్సు చేతిమీద ప్రసవం, మూడు గడుల్లోనూ టిక్ పడింది. కాన్పు చేసింది ఎవరని అడిగే సూచిక, ఆ మనిషి చేతిలో ఏముందని అడగదు.

తల్లి చనిపోయాక జరిపే మరణ సమీక్షలో 'కుటుంబం ఆలస్యం' అని రాయడం అన్నిటికంటే సులువు, ఎందుకంటే ఆ గదిలో ఆ అత్త ఉండదు. అలా రాసిన రోజున ఫ్రిజ్ బాగుపడదు, రాత్రి డ్యూటీకి రెండో నర్సు రాదు. పైగా పక్క ఊరి జనం 'అక్కడికి పోయినా పోతారు' అనుకుని వచ్చేసారి ఇంట్లోనే ఇంకాస్త ఆగుతారు. మూడో ఆలస్యమే మొదటి ఆలస్యాన్ని పెంచుతుంది. ఈ మెసేజ్‌ను షేర్ చేసేవాళ్లు ఆ అత్త మీద వేస్తున్న నింద ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించండి.

ఆపడానికి కావాల్సినవి అందుబాటులో లేనివేం కావు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. గీతల సంచితో రక్తం కొలిచి, 500 ఎంఎల్ దాటగానే, లేదా 300 దాటి మనిషి తీరు బాగాలేకపోతే, అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. గర్భసంచి రుద్దడం, ఆక్సిటోసిన్, రక్తం కారడం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, చీలికల పరీక్ష. ఒకటి పనిచేయకపోతే రెండోది అని ఆగలేదు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల జరిగే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అయితే మనం చెప్పుకున్న ఆ పల్లె అమ్మాయిలా రక్తం ఎక్కించాల్సిన స్థితి వచ్చాక ఈ సంచి ఒక్కటే చాలదు. అప్పుడు రక్తం ఉన్న చోటే దిక్కు.

మెసేజ్‌లో ఒక్క మాటను మాత్రం నేను కాదనను. ఊరికే కోతలు కోస్తున్నారన్నది నిజం. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. అనవసరపు మొదటి కోత, తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుమీద అతుక్కుపోయే ప్రమాదాన్ని పెంచుతుంది. అది మళ్లీ భయంకర రక్తస్రావమే. కోత అక్కరలేదని వాదించండి, నేను మీ పక్కనే ఉంటాను. కానీ దానికోసం రక్తం లేని చోటికి పొమ్మనకండి.

ఎనిమిదో నెలలోనే అడగాల్సినవి ఇవి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? రక్తం ఇక్కడ నిల్వ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? మా గ్రూపు ఇచ్చేవాళ్లను ముందే చూసుకోవాలా? కాన్పు అయ్యాక రెండు గంటల పాటు పావుగంటకోసారి నాడి, బీపీ, రక్తం, గర్భసంచి చూస్తున్నారో లేదో ఇంటివాళ్లు గమనించాలి. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి గట్టిగా బంతిలా తగలాలి. మెత్తగా ఉన్నా, గుడ్డ త్వరత్వరగా తడుస్తున్నా, తల్లి వణుకుతున్నా, నర్సు వేరే బల్ల దగ్గరున్నా సరే, గట్టిగా కేకేసి పిలవండి.