బరువు మిషన్ పక్కనే టేపు కూడా పెట్టండయ్యా

ఒంగోల్లో అయినా కావలిలో అయినా హెల్త్ క్యాంపుకి పోతే ముందు బరువు మిషన్ ఎక్కిస్తారు, గోడకి ఆనించి ఎత్తు కొలుస్తారు, నడుము, నాడి చూడకుండానే బీఎంఐ నార్మల్ అని చీటీ రాసి పంపించేస్తారు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ధీమాగా తిరిగేవాళ్ల గురించే మా బెంగంతా.

కావలిలో పొద్దస్తమానం కొట్లో కూర్చునే ఒకాయన్ని అనుకోండి. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ 22.7 వస్తుంది, మనోళ్లకి 23 నుంచే ఎక్కువ బరువు కింద లెక్క కాబట్టి ఈయన పాసైపోయాడు. చీమకుర్తి క్వారీలో పనిచేసే ఇంకొకాయనది అదే ఎత్తు, 74 కిలోలు, 26.2 వచ్చింది, 25 దాటింది కాబట్టి ఊబకాయం అని క్లాసు పీకారు. ఇప్పుడు టేపు తియ్యండి. కొట్టాయన నడుము 96 సెంటీమీటర్లు, క్వారీ ఆయనది 84. మగోళ్లకి 90, ఆడోళ్లకి 80 దాటకూడదు. నాడి చూస్తే కొట్టాయనకి నిమిషానికి 88, క్వారీ ఆయనకి 62. భయపడాల్సింది ఎవరో చూశారా?

కండ ఎంత, కొవ్వు ఎంత అనేది మిషన్‌కి తెలీదు. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నేరుగా లివర్‌కి పోతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదుల్తుంది, అది నరాలని ఎగదోసి గుండెని ఊరికే కూర్చున్నా పరిగెత్తిస్తుంది. దానికి తోడు నడక లేకపోతే నాడి ఇంకా పెరుగుద్ది. 60 నుంచి 100 దాకా నార్మలేనంటారు, నిజమే, కానీ ఎప్పుడు చూసినా 80 పైనే ఉండి నడుము కూడా దాటిందంటే ఆ రెండూ కలిపి చూడాల్సిందే.

నడుముకి ప్యాంటు సైజు చెప్పబాకండి. పొట్ట కింద బెల్టు కట్టి 34 అంటారు చాలామంది. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, చొక్కా ఎత్తి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. నాడికైతే కాఫీ, సిగరెట్ లేకుండా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి నిమిషం మొత్తం లెక్కెయ్యాలి, క్యాంపు క్యూలో ఎండలో నిలబడొచ్చినోడి చెయ్యి పట్టుకుంటే ఎంతైనా వస్తుంది.

దీన్లో తిరకాసులూ ఉన్నాయి. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా, జ్వరమొచ్చినా నాడి పెరుగుద్ది. బీపీకి మెటోప్రొలాల్ లాంటి బిళ్ల వాడేవాళ్లకి తగ్గి కనిపిస్తుంది, కాబట్టి ఏం మందులు వాడుతున్నారో ముందే అడగాలి. నాడి ఒక తీరుగా కొట్టుకోకపోతే ఈసీజీ తియ్యాలి.

బీఎంఐ, నడుము, నాడి, ఈ మూడూ చూసి షుగర్ ఉందనో లేదనో తేల్చలేం. కానీ కొట్టాయన లాంటోళ్లని నార్మల్ చీటీతో ఇంటికి పంపకుండా పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్స్, బీపీ చూపించుకోమని రాసివ్వొచ్చు. క్వారీ ఆయనకి కూడా బీపీ చూడండి, బరువు సంగతి తర్వాత.