గళ్ళు లెక్కపెట్టి ప్రేమను కొలిచేవారికి

"లెనార్మాండ్ గ్రాండ్ టాబ్లో పరిచినప్పుడు మీ ముక్క 29 (స్త్రీ), అతని ముక్క 28 (పురుషుడు) పక్కపక్కనే పడితే అతను మీవాడే. మూడు గళ్ళు దాటితే అతని మనసులో మీరు లేరు, వదిలేయండి. మధ్యలో ఎన్ని గళ్ళుంటే అన్ని నెలలకు పెళ్ళి. నెపోలియన్ భార్య జోసెఫిన్‌కు మదమొజెల్ లెనార్మాండ్ ఈ ముక్కలతోనే జాతకం చెప్పారు. పది మందికి పంపండి."

ఈ వారంలో ఈ సందేశం నాకు రావడం ఐదోసారి. లెనార్మాండ్ అంటే బొమ్మలున్న 36 ముక్కల జోస్యపు పేక, ముక్కలన్నీ ఒకేసారి వరుసల్లో పరవడమే గ్రాండ్ టాబ్లో. పంపినవాళ్ళందరూ నాకు కావలసినవాళ్ళే కనుక ఓపికగానే మొదలుపెడతాను.

జోసెఫిన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఈ 36 ముక్కలు న్యూరెంబర్గ్‌కు చెందిన యోహాన్ కాస్పర్ హెఖ్టెల్ 1799 ప్రాంతంలో తయారుచేసిన ఒక ఆటవి. ఆరు వరుసల్లో ఆరేసి ముక్కలు పరిచి, మన వైకుంఠపాళిలాగా పాచికలు వేసి ఆడేవారు. ఫ్రాన్సులో జోస్యాలు చెప్పిన లెనార్మాండ్ 1843లో చనిపోయాక, అమ్ముడుపోవడానికి ఈ ముక్కలకు ఆమె పేరు తగిలించారు. అన్నట్టు ఆ ఆటలో ముక్కలను అంకెల వరుసలో పరుస్తారు కాబట్టి 28, 29 ఎప్పుడూ పక్కపక్కనే ఉండేవి. ఎన్ని పెళ్ళిళ్ళు అయ్యాయో మరి.

గళ్ళకు నెలలు కట్టే లెక్కకు జవాబు అనవసరం. పక్కపక్కనే పడితే మధ్యలో గళ్ళే ఉండవు, మరి ముహూర్తం ఈ సాయంత్రమేనా?

అసలు కోపం మూడు గళ్ళ మీద. నాతో చదువుకున్న ఒకామె పోయిన నెలలో రాత్రి పదకొండు గంటలకు ఒక ఫోటో పంపింది. నాలుగు వరుసలు, వరుసకు తొమ్మిది ముక్కలు. స్త్రీ ముక్క నాలుగో వరుస చివర, కుడి మూలలో ఉంది. పురుషుడు రెండో వరుసలో ఆరో గడిలో ఉన్నాడు. ఫోటో కింద, "ఇక చాలు, విడిపోదాం" అని అతనికి పంపడానికి రాసిపెట్టుకున్న నాలుగు వాక్యాలు. "పంపనా?" అని అడిగింది.

వేలు పెట్టి లెక్కపెట్టమన్నాను. అడ్డంగా, నిలువుగా మాత్రమే నడిస్తే ఐదు అడుగులు. ఐమూలగా కూడా నడవనిస్తే మూడే. ఒక లెక్కలో అతను వదిలేయవలసినవాడు, మరో లెక్కలో కాదు. ఏ లెక్క పట్టాలో ఆ సందేశంలో ఎక్కడా లేదు.

ఐమూల లెక్కే తీసుకుందాం. మూలలో పడ్డ ముక్కకు మిగిలిన 35 గళ్ళలో 20 మూడడుగులకు అవతలే ఉంటాయి. అదే ముక్క రెండో వరుస నడిమి గడిలో పడితే అవతల ఉండేవి ఎనిమిదే. అంటే పేక కలిపినప్పుడు తన ముక్క మూలకు జారిన పాపానికే ఆమె ప్రేమ సగానికి పైగా ఓడిపోయింది. అతను ఇంకా బల్ల మీదికి రానే లేదు!

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. దగ్గర, దూరం చూడడం ఆ సందేశం రాసినవారు పుట్టించినది కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో జర్మన్ పేకలతో ఇచ్చిన సూచనల కాగితంలోనే అది ఉంది. అయితే అక్కడ 28, 29లలో ఒకటి అడిగే మనిషి, మిగతా పేకంతా ఆ మనిషి గురించే. ఓడ ముక్క దగ్గరగా ఉంటే త్వరలో ప్రయాణం, శవపేటిక మరీ దగ్గరగా ఉంటే జబ్బు. ఏ విషయం మనిషికి ఎంత చేరువలో ఉందన్నదే కొలత. ఒకరి గుండెలో మరొకరికి ఎంత చోటుందో అది కొలవదు. ప్రేమ సంగతికి హృదయం ముక్క 24 ఉంది, ఉంగరం 25 ఉంది. సందేశంలో రెండూ లేవు.

రెండు ముక్కలు దూరంగా పడితే పాత పద్ధతి తెలిసినవారు గళ్ళు లెక్కపెట్టరు, ఒకరి అడ్డవరుస మరొకరి నిలువు వరుసను దాటే రెండు చోట్లు చూస్తారు. ఈమె పేకలో ఆ చోట్లలో పైన ఓడ, కింద ఉత్తరం ఉన్నాయి. అతను ఆరు వారాల కిందటే ఉద్యోగానికి మస్కట్ వెళ్ళాడు, మాటలన్నీ ఫోనులో సందేశాలుగానే నడుస్తున్నాయి. ఈ పేకను చదవాలంటే చదవగలిగేది అంతవరకే. మనిషి దూరంగా ఉన్నాడని తెలుసుకోవడానికి 36 ముక్కలు ఎందుకు, విమానం టికెట్టు చూస్తే సరిపోదా?

ఆ రాత్రి ఆమె సందేశం పంపలేదు. మూడు వారాల తరువాత ఇద్దరూ ఎలాగూ విడిపోయారు, దాచడమెందుకు. "చూశావా, ముక్కలు ముందే చెప్పాయి" అని నాకు ఫోను చేసింది. ఆ రాత్రి ఇంకోసారి పరిచావా అని అడిగాను. పరిచిందట. అప్పుడు ఇద్దరూ పక్కపక్కనే పడ్డారట. ఆ ఫోటో మాత్రం నాకు పంపలేదు.